పటం, పట్టిక: ‘మద్రాసు’ అంటే ఏ ఊరు?

ఈ నెల ప్రశ్న: “మద్రాసు రేవు నుంచి నటాల్‌కు వచ్చినవాళ్లంతా తమిళులేనా? పట్టిక, పటం చూసి చెప్పండి.”

ముందు పట్టిక చూడండి. 1860 నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు నటాల్‌కు వచ్చారు. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కారు. మిగిలినవాళ్లు ప్రధానంగా కలకత్తాలో ఎక్కారు. పట్టిక చెప్పేది రేవు పేరు మాత్రమే. సొంత ఊరు గాని, ఇంటి భాష గాని చెప్పదు.

ఇప్పుడు 1900 నాటి మద్రాసు ప్రెసిడెన్సీ పటం తీయండి. తీరం వెంట పైనుంచి కిందికి వేలు జరపండి. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు కనిపిస్తాయి. ఈ తెలుగు జిల్లాలన్నీ ఆ ప్రెసిడెన్సీలోవే. కాబట్టి ‘మద్రాసు’ అన్న మాట చూసి అందరూ తమిళులే అనలేం. అయితే తెలుగువాళ్లు ఎంతమందో కూడా ఈ రెండింటితో లెక్క తేలదు.

దానికి ఓడ జాబితా కావాలి. అందులో ఒక్కొక్కరి పేరు పక్కన జిల్లా, ఊరు రాసి ఉంటాయి. అక్కడ ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉంటే తొందరపడకండి. చిత్తూరు ప్రాంతం 1911 దాకా ఆ జిల్లాలోనే ఉండేది. తెలుగు, తమిళం రెండూ మాట్లాడే జిల్లా అది. అందుకే ఊరి పేరు కూడా చదవండి. ఆ ఊరిని నేటి పటంలో కాదు, ఓడ బయలుదేరిన కాలం నాటి పటంలో వెతకండి.