పరిచయం పరిచయంలాగే ఉండాలి

ప్రతి ఏడూ మన హాస్టల్ వార్షికోత్సవంలో ముఖ్య అతిథిని పరిచయం చేసే పని పూర్వ విద్యార్థినుల్లో ఎవరో ఒకరికి అప్పగిస్తారు. ఆ మధ్య ఒక ఏడు ఆ పని నాకు వచ్చింది. అతిథి మన హాస్టల్లోనే చదువుకున్న డాక్టరక్క. ఆ సంతోషంలో నాలుగు ఫుల్‌స్కేప్ పేజీలు నింపాను. మైకు ముందు అది చదవడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. రెండో పేజీకే ముందు వరుసలోని ఆరో తరగతి పిల్లలు షామియానా తాళ్లతో ఆడుకోవడం మొదలుపెట్టారు. అక్కకు ఆ రాత్రి ఆసుపత్రిలో డ్యూటీ. ఆడపిల్లల్లో రక్తం తక్కువ కావడం గురించి మాట్లాడడానికి వచ్చిన ఆమె, బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర సంగతి మొదలుపెట్టి, దాన్ని టీతో ఎందుకు వేసుకోకూడదో చెప్పకుండానే లేచి బస్సుకు వెళ్లిపోయారు. ఆమె మాటలకు ఉండాల్సిన సమయాన్ని నా పొగడ్తలు తినేశాయి.

వెళ్లేముందు అక్క నా చెయ్యి పట్టుకుని, "బాగా రాశావమ్మా. కానీ మా నాన్న సంగతి ఒక్కసారి చెప్పి, పేద అని అన్నిసార్లు అన్నావు. మా నాన్న సంగతే రెండుసార్లు చెప్పినా బాగుండేది" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ కాగితాన్ని మళ్లీ తీసి చూసుకున్నాను. దాని మొదటి భాగం ఇలా ఉంది:

"నేటి మన ముఖ్య అతిథి డాక్టరు గారు నిరుపేద కుటుంబంలో జన్మించారు. చిన్ననాటి నుండి ఎన్నో కష్టాలను ఎదుర్కొన్నారు. కటిక పేదరికంలో పుట్టినా పట్టుదలతో చదివి అంచెలంచెలుగా ఎదిగారు. కష్టపడితే సాధించలేనిది లేదని నిరూపించారు. నాన్నగారు రాళ్లు కొట్టి చదివిస్తే ఉన్నత శిఖరాలను అధిరోహించారు. పేదరికం చదువుకు అడ్డు కాదనడానికి వీరే నిలువెత్తు నిదర్శనం."

వాక్యాలు ఆరు. ఒక్కో వాక్యం ఎదురుగా మార్జిన్లో, అది కొత్తగా ఏం చెబుతోందో ఒక మాటలో రాశాను. పేద, కష్టం, పేద, కష్టం, నాన్న రాళ్లు కొట్టడం, పేద. అంతే తేలింది. వాక్యాల్లో మాటలు వేరు కాబట్టి రాసేటప్పుడు ఒకే సంగతి మళ్లీ మళ్లీ చెబుతున్నట్టు తెలియలేదు. నిరుపేద అన్నా, కటిక పేదరికం అన్నా వినేవారికి అందేది ఒకటే. మార్జిన్లో ఒకే మాట రెండుసార్లు వచ్చిందంటే వాటిలో ఒక వాక్యమే ఉండాలి. ఏది ఉంచాలంటే, వింటుంటే కళ్లకు కట్టేది. రాళ్లు కొట్టే నాన్న కళ్లకు కడతాడు. ఆ ఒక్క వాక్యం ఉంటే పేదరికం, కష్టం అన్న మాటలే అక్కర్లేదు. మిగతా అయిదూ కొట్టేశాను.

రెండో పేజీ చూస్తే ఇంకో తప్పు కనబడింది. "ప్రముఖ వైద్యురాలు", "పేరుగాంచిన డాక్టరు", "వైద్యరంగంలో విశిష్ట సేవలు" అని మూడుసార్లు రాశాను గానీ, ఆమె ఎం.డి. చేసింది దేంట్లోనో ఎక్కడా రాయలేదు! పిల్లల వైద్యంలో ఎం.డి. చేసి, 8 ఏళ్లుగా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లలను చూస్తున్నారు. రక్తం తక్కువ కావడం గురించి ఆమె చెబితే మనం ఎందుకు వినాలో చెప్పే సంగతి ఇదొక్కటే. శాలువాలు కప్పిన సంఘాల పేర్లు ఆ పని చెయ్యవు. ఎన్ని అర్హతలున్నా, ఆ రోజు మాట్లాడే విషయానికి సంబంధించినదే ముఖ్యం. దాన్ని పూర్తిగా, తప్పులేకుండా, ఒక్కసారి చెప్పాలి. అందుకు ముందురోజే అతిథికి ఫోన్ చేసి అడిగి రాసుకోవాలి. ఇంటి సంగతుల్లో ఏది చెప్పవచ్చో కూడా అప్పుడే అడగాలి. అది నేను చెయ్యలేదు.

తగ్గించడంలో మొదటిసారి నేను మరీ ఎక్కువ కోసేశాను. ఎం.బి.బి.ఎస్., ఎం.డి., ఉద్యోగం, సంవత్సరాలు మిగిలాయి. చదివితే ఉద్యోగానికి పెట్టే బయోడేటాలా ఉంది. అక్క మన మనిషి అన్న భావమే పోయింది. ఆప్యాయత పొగడ్తలో ఉండదని అప్పుడు అర్థమైంది. మన హాస్టల్‌కే చెందిన ఒక చిన్న జ్ఞాపకంలో ఉంటుంది. వంటమ్మను అడిగితే అలాంటిది ఒకటి చెప్పింది. దాన్ని కలిపి రాస్తే పరిచయం ఇలా వచ్చింది:

"అందరికీ నమస్కారం. 25 ఏళ్ల కిందట ఒక అమ్మాయి ట్రంకుపెట్టెతో వచ్చి మన హాస్టల్లో ఆరో తరగతిలో చేరింది. నాన్నగారు రాళ్లు కొట్టి చదివించారు. కరెంటు పోయిన రాత్రుళ్లు పొయ్యి వెలుగులో చదువుకునేదని మన వంటమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ అమ్మాయే ఎం.బి.బి.ఎస్. చదివి, పిల్లల వైద్యంలో ఎం.డి. చేసి, 8 ఏళ్లుగా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగా పనిచేస్తున్నారు. ఆడపిల్లల్లో రక్తం ఎందుకు తక్కువవుతుందో ఈరోజు మనకు చెబుతారు. మన హాస్టల్ అక్కను మాట్లాడవలసిందిగా కోరుతున్నాను."

చివరి వాక్యంలో 'అక్క'కు ముందు ఆమె పేరు చేర్చితే సరి. నిదానంగా చదివినా ఒక్క నిమిషం. నాలుగు పేజీల్లో లేని ఎం.డి. వివరం ఇందులో ఉంది.

పరిచయం చిన్నదైతే అతిథికి మర్యాద తగ్గుతుందని కొందరు పెద్దలు అంటారు. వారి మాటను తేలిగ్గా తీసుకోను. మన ఇళ్లలో మనుషులను వేదికల మీద గౌరవంగా పిలిచిన రోజులు తక్కువ. అందుకే అవకాశం వచ్చినప్పుడు నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలనిపిస్తుంది. నేనూ అందుకే నాలుగు పేజీలు రాశాను. కానీ మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిగా నాకు తెలిసింది ఒకటే. చదువు పేరు పూర్తిగా పలికితే మా అమ్మ కళ్లు మెరుస్తాయి. 'ఉన్నత శిఖరాలు' అంటే ఆమెకు ఏమీ అర్థం కాదు. పొగడ్త తగ్గించవచ్చు. డిగ్రీ పేరును మాత్రం ఎన్నడూ కుదించకూడదు.

ఇంకొక్క మాట. పరిచయకర్త ఎంత తగ్గించినా, సభాధ్యక్షులు, శాలువా కప్పేవారు, వందన సమర్పణ చేసేవారు అవే సంగతులు మళ్లీ చెబితే ఫలితం లేదు. కాబట్టి ఈసారి సభకు ముందే ఆ నలుగురూ కూర్చుని, అతిథి వివరాలు ఒక్కరే చెప్పేలా అనుకుంటే మంచిదని నా అభిప్రాయం. డాక్టరక్కను ఈ ఏడు మళ్లీ పిలుద్దాం. ఐరన్ మాత్ర టీతో ఎందుకు వేసుకోకూడదో ఆమె చెప్పాల్సి ఉంది, చెల్లెళ్లూ.

— ఒక పూర్వ విద్యార్థిని