మా బాబు ఏడుస్తాడు, ఏమనుకోకండి... అంటే సరిపోదండీ

డాలస్ శివార్లలో మా అపార్ట్‌మెంట్ బిల్డింగులో పోయిన ఏప్రిల్లో ఎనిమిది తలుపులకి ఒకే కాగితం అంటించారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇదీ సంగతి:

"ప్రియమైన పొరుగువారికి, మా ఏడు నెలల బాబుకి సొంతంగా నిద్రపోవడం నేర్పిస్తున్నాం. కొన్ని రాత్రులు కాస్త ఏడుపు వినిపించవచ్చు. ఇబ్బందికి క్షమించండి. మీ ఓపికకి కృతజ్ఞతలు."

దాంతోపాటు ఓ చిన్న పొట్లంలో రెండు ఇయర్‌ప్లగ్గులు. పెట్టింది మన తెలుగు జంటే. ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లే.

ఇంకేముంది, కాంప్లెక్స్‌లో ఉన్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మొదలైంది గోల. "పిల్లాడు ఏడవడానికి కూడా నోటీసా? రేపు తుమ్మితే ప్రెస్ మీట్ పెడతారా?" అని ఒకాయన. "ఏడిపించి నిద్రపుచ్చడమేంటి, కన్నవాళ్లేనా?" అని ఒకావిడ. "అమెరికా మర్యాదలు బాగా వంటబట్టాయి" అని ఇంకొకాయన.

వీళ్లలో ఒక్కరికీ ఆ ఇంటితో ఉమ్మడి గోడ లేదు. ఆ గోడ నాది. బాబు ఉయ్యాల మంచానికీ నా తలగడకీ మధ్య ఉన్నది అదొక్కటే. కాబట్టి మాట్లాడే హక్కు వీళ్లందరికన్నా నాకే కాస్త ఎక్కువుందని నా నమ్మకం.

నా వాదన రెండు ముక్కల్లో. ఒకటి, ఆ కాగితం పెట్టి తీరాల్సిందే. రెండు, ఆ కాగితం బాలేదు. మర్యాద ఎక్కువ, సమాచారం తక్కువ.

అసలు లోపల జరిగేదేంటో ముందు చూద్దాం. పిల్లలే కాదు, మనం కూడా రాత్రి చాలాసార్లు కాసేపు మెలకువ వచ్చి మళ్లీ పడుకుంటాం. భుజం మీద ఊపుతుంటే నిద్రపోయిన పిల్లాడు రెండింటికి కళ్లు తెరిచి, అదే భుజం కోసం వెతుకుతాడు. దొరకదు కాబట్టి ఏడుస్తాడు. అందుకని నిద్ర ముంచుకొస్తున్నా ఇంకా మెలకువగా ఉండగానే మంచంలో వేసి, ఆ చివరి అడుగు వాణ్ణే వేయనివ్వడం ఈ పద్ధతి. రిచర్డ్ ఫెర్బర్ అనే పిల్లల డాక్టరు 1985లో రాసిన పుస్తకంతో ఇది అమెరికా ఇళ్లలో బాగా పాకింది. తలుపేసి వెళ్లిపోవడం కాదిది. మొదటి రాత్రి ఏడుపు మొదలైన 3 నిమిషాలకి లోపలికెళ్లి, ఎత్తుకోకుండా, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడి బయటికి రావాలి. తర్వాత 5 నిమిషాలకి, ఆపైన పదేసి నిమిషాలకి. రెండో రాత్రి 5తో మొదలెట్టి 10, 12. మూడో రాత్రి 10తో మొదలు. ఇలా పెరుగుతూ పోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. కొంతమంది పిల్లలు రెండో రాత్రో మూడో రాత్రో మొదటిదానికన్నా గట్టిగా, ఎక్కువసేపు ఏడుస్తారు. ఇన్నాళ్లూ పనిచేసిన ఏడుపు ఉన్నట్టుండి పనిచేయకపోతే, మానేసే ముందు ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తారన్నమాట. దీన్ని ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటారు. సర్వర్ జవాబివ్వకపోతే మన క్లయింటు రిట్రై మీద రిట్రై కొట్టినట్టే. సరిగ్గా ఇరవై అయిదో నిమిషంలో ఎత్తుకున్నారనుకోండి, పిల్లాడు నేర్చుకునేది "నిద్రపోవాలి" అని కాదు, "ఇరవై అయిదు నిమిషాలు ఏడిస్తే వస్తారు" అని. అంటే మధ్యలో ఆపేసిన ట్రైనింగ్ అసలు మొదలెట్టని ట్రైనింగ్ కన్నా అధ్వాన్నం.

సరిగ్గా ఇదే జరిగింది వాళ్లింట్లో. తర్వాత ఆయనే చెప్పారు. మార్చిలో ఒకసారి ప్రయత్నించారట, ఎవరికీ చెప్పకుండా. మొదటి రాత్రి 35 నిమిషాలు ఏడ్చి పడుకున్నాడు. రెండో రాత్రి రెండింటికి లేచాడు. ఇరవై అయిదు నిమిషాలు గడిచేసరికి కింది ఇంటాయన కర్రతో సీలింగు మీద ఠక్ ఠక్‌మని కొట్టాడు. ఇక్కడి మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు బిగించినవే కదా, మన ఊళ్లో ఇటుక గోడలు కావు. మాటలు ఆగుతాయేమోగానీ పసిబిడ్డ ఏడుపు ఆగదు. పోలీసుల్ని పిలుస్తారేమోనని ఆవిడ వణికిపోయి బాబుని ఎత్తేసుకున్నారు. మూడో రాత్రి దాదాపు గంట ఏడ్చాడు. నాలుగో రాత్రికి మానేశారు.

ఏప్రిల్లో కాగితం పెట్టి మళ్లీ మొదలెట్టారు. మొదటి రాత్రి 35 నిమిషాలు. రెండో రాత్రి ఎనిమిదింటికి 50 నిమిషాలు, మళ్లీ రెండింటికి అరగంట. ఈసారి ఎవరూ కొట్టలేదు, వాళ్లూ ఎత్తుకోలేదు. మూడో రాత్రి 20 నిమిషాలు. నాలుగో రాత్రి అయిదు. ఒక్క ఇంటి కథతో ఏదీ రుజువవదు, పైగా బాబు నెల పెద్దవాడయ్యాడు కూడా. కానీ రెండింటికీ మధ్య ఆ తల్లిదండ్రులు కావాలని మార్చింది ఒక్క కాగితమే.

అందుకే "పిల్లలన్నాక ఏడుస్తారు, చెప్పేదేముంది" అనే మాట నాకు నచ్చదు. ఈ కాగితం పక్కింటివాళ్ల కోసమని అందరూ అనుకుంటారు. కాదండీ, ఇది ముందుగా తల్లిదండ్రుల కోసం. రెండో రాత్రి రెండింటికి గోడ అవతల ఎవరేమనుకుంటున్నారో అన్న భయం లేకుండా గడియారం చూస్తూ కూర్చోగలిగే ధైర్యం అందులోంచి వస్తుంది. ఊళ్లో అయితే పక్కింటి పిన్నిగారు పొద్దున్నే వచ్చి "రాత్రి బాబు ఏడ్చాడేంటమ్మా?" అని అడిగేస్తారు. ఇక్కడ అడగరు. సీలింగు కొడతారు, లేదా ఫోను కొడతారు.

ఇక ఆ కాగితంలో లోపాలు. "కొన్ని రాత్రులు" అంటే ఎన్ని? ఏ రోజు నుంచి? ఏ టైములో? ప్రొడక్షన్ సర్వరు ఆపబోతూ "కొన్నాళ్లు కాస్త ఇబ్బంది ఉండొచ్చు" అని మెయిల్ పెడితే మన మేనేజరు ఊరుకుంటాడా? మొదలు, ముగింపు, ఎవర్ని పిలవాలి, తేడా వస్తే ఏం చేస్తారు... ఇవి లేకుండా పంపం కదా. పగలు పది మందికి రాసేవాళ్లం, ఇంటికొచ్చేసరికి ఎందుకు మర్చిపోతాం? ముఖ్యంగా రెండో రాత్రి ఎక్కువ కావచ్చని ముందే చెప్పకపోతే, వినేవాడికి అది చెయ్యి దాటిపోయినట్టే అనిపిస్తుంది. అప్పుడే కర్ర తీస్తాడు.

ఆ ఇయర్‌ప్లగ్గులు కూడా నాకు అక్కర్లేదు. ఇస్తే పుచ్చుకుంటాను గానీ, రెండింటికి నాకు కావలసింది ఫోన్ నంబరు. గోడ కొట్టకుండా "అంతా బానే ఉందా?" అని ఒక మెసేజ్ పెట్టే వీలు. ఇంకోటి, మంచాన్ని ఉమ్మడి గోడ నుంచి ఎదుటి గోడకి జరపడం. దమ్మిడీ ఖర్చు లేదు. నేను అడిగాక జరిపారు, నాకు తేడా తెలిసింది.

"కసాయితనం" అన్నావిడకి కూడా జవాబు చెప్పాలి. 2016లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ యూనివర్సిటీ వాళ్లు 6 నుంచి 16 నెలల మధ్య 43 మంది పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటుంది. ఈ పద్ధతిలో నేర్పిన పిల్లలకీ నేర్పనివాళ్లకీ మధ్య ఏడాది తర్వాత తల్లితో అనుబంధంలో గానీ ప్రవర్తనలో గానీ తేడా కనపడలేదు. చిన్న పరిశోధనే. అంతకుముందు 2012లో మెల్‌బోర్న్ వాళ్లు, పసితనంలో నిద్ర నేర్పిన పిల్లల్ని ఆరేళ్ల వయసులో మళ్లీ చూశారు. శాశ్వతమైన హాని లేదు, అలాగే శాశ్వతమైన లాభమూ లేదు. అంటే ఇది చేయనివాళ్లేమీ నష్టపోరు. అమ్మమ్మగారు ఆరు నెలల వీసా మీద వచ్చి, జోకొట్టి నిద్రపుచ్చుతూ, అందరూ హాయిగా ఉంటే అది మార్చాల్సిన పనే లేదు. కానీ పొద్దున్న తొమ్మిదింటికి కాల్లో కూర్చోవాల్సిన ఇద్దరు, నెలల తరబడి గంటగంటకీ లేస్తుంటే, నాలుగు రాత్రుల ఏడుపుకి సిద్ధపడటం కసాయితనం కాదు.

దీనికి హద్దులు లేవనడం లేదు. నాలుగు నెలల లోపు పిల్లలకి ఇది పనికిరాదు. జ్వరమో చెవిపోటో ఉంటే ఆపేయాలి. రాత్రి పాలు మానేయొచ్చో లేదో చెప్పాల్సింది పిల్లల డాక్టరు, గ్రూపు కాదు. వారం, మహా అయితే రెండు వారాల్లో తగ్గకపోతే అది ట్రైనింగ్ కాదు, మొండితనం.

అలాగే కాగితం పక్కవాళ్ల నోరు కట్టేసే లైసెన్సు కూడా కాదు. టైములు రాసి ఉంటే ఏది ప్లానులో ఉన్న ఏడుపో, ఏది కాదో వినేవాడికి తెలుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి గంటసేపు ఏడుపు వినిపించి, లోపల పెద్దవాళ్ల అలికిడి లేకపోతే నేను తలుపు కొడతాను. కొట్టాలి కూడా. "కాస్త ఏడుపు" అని మాత్రమే రాస్తే ఆ తేడా పట్టుకునే దారి మూసేసినట్టే.

కాబట్టి రాయబోయేవాళ్లు ఇలా రాయండి. మీ మర్యాదలు మీ ఇష్టం:

"శుక్రవారం రాత్రి 8 నుంచి మా ఏడు నెలల బాబుకి సొంతంగా నిద్రపోవడం నేర్పిస్తున్నాం, డాక్టరుతో మాట్లాడే. 8కి, బహుశా అర్ధరాత్రి దాటాక మరోసారి, అరగంట నుంచి గంట వరకు ఏడవచ్చు. రెండో రాత్రి ఎక్కువ కావచ్చు. మేమిద్దరం ఇంట్లోనే ఉంటాం, కొన్ని నిమిషాలకోసారి వాడి దగ్గరికి వెళ్తుంటాం. వచ్చే శుక్రవారానికి తగ్గకపోతే ఆపేస్తాం. మీకు పరీక్షో, పొద్దున్నే ఫ్లైటో ఉంటే చెప్పండి, తేదీ జరుపుతాం. ఏ టైములోనైనా ఈ నంబరుకి మెసేజ్ పెట్టండి."

శుక్రవారమే ఎందుకంటే, ఎక్కువ కష్టంగా ఉండే రెండో రాత్రి శనివారం పడుతుంది. మర్నాడు చాలామందికి ఆఫీసు ఉండదు. అందరికీ కాదులెండి, ఆన్‌కాల్లో ఉన్నవాళ్లకి ఏ రాత్రయినా ఒకటే :)