హోటళ్ల అరువు రైతు మోయాలా?

1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు వాటి బలం ధర ఒక్కటే కాదు. పొద్దున మెహదీపట్నంలో అమ్మిన వంకాయల డబ్బు మధ్యాహ్నానికి రైతు జేబులో ఉండేది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక ఆ చుట్టుపక్కల హోటళ్లు, విమాన ప్రయాణికులకు భోజనం వండే వంటశాలలు, రిటైల్ గోదాములు వచ్చాయి. ఇలాంటివారు పెద్ద ఎత్తున కొంటారు, కానీ సాధారణంగా అరువు మీద కొంటారు. మన ఎఫ్‌పీవోలు వీరికి సరఫరా చేసేముందు ఆ అరువు లెక్క చూసుకోవాలి.

ఒక ఎఫ్‌పీవో రైతుల దగ్గర రోజుకు లక్ష రూపాయల కూరగాయలు కొంటుందనుకుందాం. గ్రేడింగు, ప్యాకింగుకు సరుకు 2 రోజులు షెడ్డులో ఉంటుంది. హోటల్ 30 రోజులకు డబ్బిస్తుంది. రైతుకు మూడో రోజున చెల్లించాలి. 2, 30 కలిపి అందులో 3 తీసేస్తే 29 రోజులు. రోజుకు లక్ష చొప్పున 29 లక్షలు ఎప్పుడూ ఇరుక్కునే ఉంటాయి. దీన్నే వర్కింగ్ క్యాపిటల్ అంటారు. ఆర్డర్లు రెట్టింపైతే అది 58 లక్షలవుతుంది. పుస్తకాల్లో లాభం కనిపిస్తూనే బ్యాంకు ఖాతా ఖాళీ కావడానికి కారణం ఇదే.

ఒప్పందంలో 30 రోజులని ఉన్నా, బిల్లు పదిహేను రోజులకొకసారి వేస్తే గడువు బిల్లు తేదీ నుంచే మొదలవుతుంది. సగటున మరో 7 రోజులు, అంటే ఇంకో 7 లక్షలు. ఇది హోటల్ చేసిన ఆలస్యం కాదు, మన ఆఫీసులో జరిగేదే!

డబ్బు చాలనప్పుడు డైరెక్టర్లకు తట్టే సులువైన దారి రైతుకు ఇరవయ్యో రోజున ఇవ్వడం. అప్పుడు సంఘానికి 12 లక్షలు చాలు. మిగతా 17 లక్షలు రైతులే మోస్తారు. ఎఫ్‌పీవోకు బ్యాంకు 12 శాతం వడ్డీకి అప్పిస్తే ఆ 17 లక్షలకు నెలకు 17 వేలు అవుతుంది. ఎరువుల దుకాణంలో నూటికి రెండు రూపాయల వడ్డీకి ఖాతా పెట్టుకున్న రైతులకు అదే భారం 34 వేలు. వాటాదారుల మీద రెట్టింపు వడ్డీ వేసి సంఘం లాభం చూపించడం మాకు సమ్మతం కాదు.

బిల్లు రోజూ వేయాలి. గడువు 15 రోజులకు తగ్గించమని హోటల్‌ను అడగాలి, అవసరమైతే ధరలో కిలోకు కొంత వదులుకునైనా సరే. అప్పటికీ చాలకపోతే, రావలసిన బిల్లులు చూపి బ్యాంకులో క్యాష్ క్రెడిట్ తీసుకోవాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మన సభ్యులు రావలసిన బాకీ మొత్తాన్ని రోజు అమ్మకంతో భాగించి చూపమని అడగాలి. ఒప్పందం 30 రోజులై, లెక్క 42 చూపితే, ఏ కొనుగోలుదారు బిల్లు ఎన్నాళ్లుగా ఆగిందో పేరు పేరునా చదివించాలి.