దలీల్ సరైనదే, మాట గలత్

మొన్న ప్రత్తిపాడు సెంటర్‌లో చాయ్ తాగుతుంటే ఒక పెద్దాయన నన్ను చూసి అన్నాడు: "మతాన్ని బట్టి రిజర్వేషన్ ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధం. మీ 4 శాతం మతాన్ని బట్టి ఇచ్చిందే. కాబట్టి అది చెల్లదు." మా వాళ్లలో ఇద్దరు వెంటనే అరుపులకు దిగారు. నాకు కోపం ఆయన మీద కాదు, మా వాళ్ల మీద వచ్చింది. ఎందుకంటే ఆ దలీల్ అల్లికలో తప్పేమీ లేదు.

మదరసాల్లో మంతిఖ్ చదివినవారికి ఇది తెలుసు: సుగ్రా, కుబ్రా, వాటి నుంచి నతీజా. ఆ రెండు మాటలూ నిజమని ఒప్పుకున్నాక నతీజాను కాదనే దారి లేకపోతే ఆ దలీల్ వ్యాలిడ్. అంతవరకే. ఆ మాటలు నిజమా కాదా అన్నది వ్యాలిడిటీ అడగదు. రెండూ నిజంగా నిజమైతేనే దాన్ని సౌండ్ అంటారు. అందుకని ఇలాంటి చోట "నీ లాజిక్ తప్పు" అని అరవడం వృథా. ఏ మాట తప్పో చూపించాలి.

ఇక్కడ నిలదీయాల్సింది రెండో మాటను. పత్తి ఏకే మన నూర్‌బాషా, దూదేకుల వాళ్లు 1970 నుంచే బీసీ-బి జాబితాలో ఉన్నారు. అది వాళ్ల వృత్తిని, వెనకబాటును చూసి ఇచ్చింది. 2007 చట్టం బీసీ-ఇ కింద షేక్, ఖురేషీ, ఫకీర్, హజామ్, అత్తరు సాయిబుల్లాంటి బిరాదరీల పేర్లు రాసింది. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, బోహ్రాలను బయటపెట్టింది. మా బావగారు పఠాన్. ఆయన కొడుక్కి ఆ సర్టిఫికెట్ రాదు, పక్కింటి షేక్ పిల్లకు వస్తుంది. ఇద్దరూ ఒకే మసీదుకు చెందినవాళ్లే. మతమే కొలమానమైతే ఈ తేడా ఎక్కడిది?

ఎదుటివారికీ ఇన్సాఫ్ చేయాలి. ఆ జాబితా చివర 15వ నంబరులో, బయటపెట్టినవాళ్లు పోగా 'ఇతర ముస్లిం సమూహాలు' అని ఉంది. అక్కడ వాళ్ల రెండో మాటకు కొంత బలం ఉంది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు మెజారిటీ తీర్పు చట్టాన్ని కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 14 సమూహాలకు కొనసాగించింది.

ఇక మన వైపు వినిపించే దలీల్: "సుప్రీంకోర్టు నడవనిచ్చింది అంటే రాజ్యాంగబద్ధమని తేల్చినట్టే. 4 శాతాన్ని నడవనిచ్చింది. కాబట్టి తేల్చేసింది." ఇదీ వ్యాలిడే. మొదటి మాటే అబద్ధం. మధ్యంతర ఉత్తర్వు తుది ఫైసలా కాదు.

ఇంకో పొరపాటు కూడా వద్దు. పెద్దాయన రెండో మాట తప్పని చూపిస్తే ఆయన దలీల్ కూలుతుంది గానీ 4 శాతం చెల్లుతుందని రుజువైపోదు. ఆ నతీజా వేరే కారణాలతో నిజమూ కావచ్చు. వెనకబాటుకు ఆధారాలు మనమే విడిగా చూపించాలి, బిరాదరీ వారీగా. అదే మాట పెద్దాయనకు చెప్పాను. "ఆ 15వ నంబరు సంగతేంటి మరి?" అని అడుగుతూ ఇంకో చాయ్ చెప్పాడు.