హోల్‌సేల్ ధరలో మనకు మిగిలేదెంత?



పట్నంలోని హోల్‌సేల్ కొట్లో కందిపప్పు కిలో 145 రూపాయలు, మన ఊరి కొట్లో 160 అనుకొందాము. పది కిలోల మూట తెచ్చుకొంటే 150 రూపాయలు మిగులుతాయని మనసు ఉబలాటపడుతుంది. అయితే లెక్క అక్కడితో ఆగదు. రానుపోను బస్సుకు, మూట చేర్చినందుకు 60 అవుతుంది. నెలకు మూడు కిలోలు వాడే ఇంట్లో ఆ పప్పు మూడు నెలలకు పైగా ఉంటుంది. వానకాలమైతే పురుగు పడుతుంది. డబ్బా అడుగున మెత్తని పొడి, బద్దలకు సన్నని చిల్లులు కనబడితే అదే గుర్తు. అర కిలో పారవేస్తే సుమారు 72 రూపాయలు పోయినట్టే. చివరకు మిగిలినది 18! ఆ సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే, 1,450కి మొదటి నెల వడ్డీయే 29 గనుక నష్టమే.

అదే మూటను ఇరుగుపొరుగు ఇద్దరు పంచుకొని, ఒక్కరే వెళ్లి తెస్తే, ఒక్కొక్కరికి 75 కలిసివస్తుంది, ఖర్చు 30 పోతుంది. ఐదు కిలోలు యాభై రోజుల్లో అయిపోతాయి గనుక పురుగుకు వ్యవధి తక్కువ. ఇంటికి 45 మిగులుతుంది. మూటను మాత్రం అక్కడే తూయించండి. గోతం బరువును పప్పులో కలిపేవారు లేకపోలేదు.

చింతపండు సంగతి వేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్త పండు దిగినప్పుడు ధర సాధారణంగా తగ్గుతుంది. గింజ తీసి, ఎండబెట్టి, ఉప్పు కలిపి జాడీలో నొక్కిపెడితే ఏడాది నిలుస్తుంది. నల్లబడినా పులుపు పోదు. గింజతో కొనేటప్పుడు ఒక కిలో ఒలిచి, పండెంత వచ్చిందో తూచి ధర పోల్చుకొనండి.