రామామాత్యుని వీణ మెట్ల లెక్క: సమీక్షకుల ఆక్షేపణలకు సమాధానం



స్వరమేళకళానిధిలోని శుద్ధమేళవీణను గూర్చి నేను పంపిన వ్యాసాన్ని సమీక్షకులు శ్రద్ధతో చదివి, అందలి విశ్లేషణ పద్ధతిపై మూడు ఆక్షేపణలు తెలిపినారు. శాస్త్రచర్చలో పూర్వపక్షం బలంగా ఉన్నప్పుడే సిద్ధాంతం తేటపడుతుంది. కనుక వారి మాటలను వారి క్రమంలోనే అనువదించి నా సమాధానం విన్నవిస్తాను.

మొదటి ఆక్షేపణ: మన శాస్త్రంలో స్వరానికి కొలత శ్రుతి, తంత్రి నిడివి నిష్పత్తులతో పదహారవ శతాబ్ది గ్రంథాన్ని వివరించడం గ్రంథంలో లేనిదాన్ని గ్రంథంపై ఆరోపించడమే. రెండవది: చెవికి ఇంపైన గాంధారం 5:4 నిష్పత్తిలో ఉంటుంది; నా లెక్కలో అది 81:64గా తేలింది గనుక లెక్క అనుభవవిరుద్ధం. మూడవది: నా లెక్క ఒక చోట తనకు తానే విరోధిస్తున్నది, స్వవిరోధం గల పద్ధతి ప్రమాణం కాజాలదు.

ముందుగా గ్రంథం చెప్పినదేమో చూడాలి. అళియ రామరాయల ప్రేరణతో రామామాత్యుడు 1550లో రచించిన ఈ గ్రంథాన్ని ఎం. ఎస్. రామస్వామి అయ్యర్ గారు పరిష్కరించగా అణ్ణామలై విశ్వవిద్యాలయం 1932లో ప్రకటించింది. ఇందులోని వీణాప్రకరణంలో శుద్ధమేళవీణకు పైన నాలుగు తంత్రులు. వాటిని క్రమంగా షడ్జం, పంచమం, పై షడ్జం, దానిపై మధ్యమం పలికేట్లు శ్రుతి చేయాలి. వాటి కింద ఆరు మెట్లు. షడ్జతంత్రిపై ఆ ఆరు మెట్లు పలికేవి శుద్ధరిషభం, శుద్ధగాంధారం, సాధారణగాంధారం, చ్యుతమధ్యమగాంధారం, శుద్ధమధ్యమం, చ్యుతపంచమమధ్యమం. పంచమతంత్రిపై శుద్ధధైవతం, శుద్ధనిషాదం, కైశికినిషాదం, చ్యుతషడ్జనిషాదం, షడ్జం, శుద్ధరిషభం. మధ్యమతంత్రిపై చ్యుతపంచమమధ్యమం, పంచమం, శుద్ధధైవతం, శుద్ధనిషాదం, కైశికినిషాదం, చ్యుతషడ్జనిషాదం.

ఇక్కడ గమనింపవలసినది ఒక్కటే. మెట్టు అన్ని తంత్రులకూ ఉమ్మడి. ఒక మెట్టు షడ్జతంత్రిని ఎంత హెచ్చిస్తుందో మధ్యమతంత్రినీ అంతే హెచ్చిస్తుంది. అందువల్ల ఒకే స్వరం రెండు తంత్రులపై రెండు చోట్ల దొరికినప్పుడు ఆ రెండు చోట్లకూ ఒక సమీకరణం ఏర్పడుతుంది. ఈ సమీకరణం నేను కల్పించినది కాదు. వీణ నిర్మాణంలోనే ఉన్నది. నేను వెలుపలినుంచి తెచ్చినది షడ్జపంచమాలు 3:2, షడ్జమధ్యమాలు 4:3 అన్న ఒక్క అంశమే. అదీ కేవలం తెచ్చినది కాదు. ఈ సంవాదాలను శాస్త్రం అంగీకరిస్తుంది, తీగను మూడవ వంతుననో నాల్గవ వంతుననో నొక్కి చూచిన వారెవరైనా చెవితో గ్రహిస్తారు.

ఇక మొదటి ఆక్షేపణ. నిష్పత్తులు వద్దు, శ్రుతిసంఖ్యలే కొలత అనుకొందాం. షడ్జం నుండి శుద్ధరిషభం మూడు శ్రుతులు, దానినుండి శుద్ధగాంధారం రెండు. అంటే రెండవ మెట్టు షడ్జతంత్రిపై ఐదు శ్రుతులు హెచ్చించాలి. అదే మెట్టు మధ్యమతంత్రిపై పంచమాన్ని పలకాలి. మధ్యమానికి పంచమానికి నడుమ నాలుగే శ్రుతులు. ఒకే మెట్టు ఒక తంత్రిని ఐదు శ్రుతులు, మరొక తంత్రిని నాలుగు శ్రుతులు హెచ్చించడం ఎట్లా కుదురుతుంది? శ్రుతులు పరస్పరం సమానం కావని చెప్పి దీన్ని తప్పించుకోవచ్చు. కాని సమానం కాని శ్రుతి, ఒక్కొక్కటి ఎంతో చెప్పనంతవరకు, కొలత కాదు. స్వరస్థానాల వరుసను సూచించే సంఖ్య మాత్రమే. సమీక్షకులు సూచించిన పద్ధతి రెండవ మెట్టు వద్దనే నిలిచిపోతున్నది. శ్రుతిసంఖ్యను నేను తిరస్కరించలేదు. అది ఏ పనికి ఉద్దేశింపబడినదో ఆ పనికే దాన్ని వినియోగించాను.

నా పద్ధతిలో ఆ రెండవ మెట్టే ఆధారం. మధ్యమతంత్రిపై అది పంచమం పలకాలి గనుక దాని హెచ్చు 9:8. తంత్రి నిడివి 81 సెంటీమీటర్లనుకొంటే గుర్రం నుండి 72 సెంటీమీటర్ల వద్ద ఆ మెట్టు ఉండాలి. పంచమతంత్రిపై అదే మెట్టు పలికే శుద్ధనిషాదం షడ్జానికి 27:16 అవుతుంది. ఈ శుద్ధనిషాదమే మధ్యమతంత్రిపై నాల్గవ మెట్టులో రావాలి. కనుక నాల్గవ మెట్టు 81:64. దాని స్థానం గుర్రం నుండి 64 సెంటీమీటర్లు. ఐదవ మెట్టు మధ్యమస్థానం గనుక 4:3. మధ్యమతంత్రిపై అది పలికే కైశికినిషాదం 16:9. పంచమతంత్రిపై మూడవ మెట్టు పలికేదీ కైశికినిషాదమే గనుక మూడవ మెట్టు 32:27. ఇట్లే శుద్ధధైవతం ద్వారా మొదటి మెట్టు 256:243 అనీ, శుద్ధరిషభం ద్వారా ఆరవ మెట్టు 1024:729 అనీ వస్తాయి. ఒక్కొక్క అడుగూ గ్రంథం చెప్పిన స్థానం నుండే పడుతున్నది.

ఇప్పుడు మూడవ ఆక్షేపణను ముందుకు తెస్తాను. రెండవదానికి సమాధానం ఇందులోనే ఉన్నది. చ్యుతషడ్జనిషాదం రెండు చోట్ల వస్తుంది: పంచమతంత్రిపై నాల్గవ మెట్టులో 243:128గా, మధ్యమతంత్రిపై ఆరవ మెట్టులో 4096:2187గా. ఈ రెండూ ఒకటి కావు. నేటి భౌతికశాస్త్రజ్ఞుల సెంట్ల కొలతలో వీటి భేదం సుమారు 23.5. ఆరవ మెట్టును గుర్రం వైపు సుమారు 8 మిల్లీమీటర్లు జరిపితే ఈ విరోధం పోతుంది. కాని అప్పుడు షడ్జతంత్రిపై చ్యుతపంచమమధ్యమమూ, పంచమతంత్రిపై శుద్ధరిషభమూ రెండూ చెడుతాయి. ఒకటి దిద్దబోతే రెండు చెడినట్లు.

సమీక్షకులు కోరిన 5:4 గాంధారాన్ని అంగీకరించి నాల్గవ మెట్టును 64.8 సెంటీమీటర్ల వద్ద పెట్టి చూద్దాం. అప్పుడు పంచమతంత్రిపై చ్యుతషడ్జనిషాదం 15:8 అవుతుంది. ఇది ఆరవ మెట్టు పలికే నిషాదానికి రెండు సెంట్ల లోపు దూరంలో ఉంటుంది. చెవి ఆ భేదాన్ని పట్టదు. కనుక వారి సూచనలో నిజంగా బలం ఉన్నదని చెప్పవలసి ఉన్నది. కాని అదే నాల్గవ మెట్టు మధ్యమతంత్రిపై శుద్ధనిషాదాన్ని 5:3గా పలుకుతుంది. రెండవ మెట్టు పంచమతంత్రిపై దాన్ని 27:16గా పలుకుతుంది. భేదం సుమారు 21.5 సెంట్లు. విరోధం పోలేదు, ఒక స్వరం నుండి మరొక స్వరానికి మారింది. వరుస సంవాదాలతో కట్టిన స్వరచక్రం పూర్తిగా మూసుకోదు గనుక ఆ మిగులు ఎక్కడో ఒకచోట పడక తప్పదు. ఇది గణితస్వభావం, నా పద్ధతి దోషం కాదు, రామామాత్యుని దోషమూ కాదు.

ఆ మిగులును ఎక్కడ ఉంచాలన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ పాఠశాలలో నేర్చిన న్యాయమే నాకు దారి చూపింది. ప్రధానానికీ గుణానికీ విరోధం వచ్చినప్పుడు ప్రధానాన్ని నిలిపి గుణాన్ని సర్దుకోవాలి. శుద్ధనిషాదం ఏడు శుద్ధస్వరాలలో ఒకటి. చ్యుతషడ్జనిషాదం వికృతస్వరం. శుద్ధస్వరం రెండు తంత్రులపై ఏకరూపంగా నిలిచేట్లు చేసి, మిగులును వికృతస్వరంపై ఉంచడమే యుక్తం. అందుకే 81:64ను గ్రహించాను. ఇది చెవి తీర్పును కాదనడం కాదు. గాయకుడు గాంధారాన్ని ఎక్కడ నిలుపుతాడన్నది ఒక ప్రశ్న, ఈ గ్రంథం వర్ణించిన మెట్టు ఎక్కడ ఉండాలన్నది మరొక ప్రశ్న. నా వ్యాసం రెండవదానికే పరిమితం.

అంత భేదాన్ని గ్రంథకర్త సహించి ఉంటాడా అన్న శంకకు సమాధానం గ్రంథంలోనే కలదు. అంతరగాంధారానికీ కాకలీనిషాదానికీ రామామాత్యుడు వేరు మెట్లు పెట్టలేదు. పక్క మెట్టు మరీ దగ్గరవుతుందని, చ్యుతమధ్యమగాంధార చ్యుతషడ్జనిషాదాలనే వాటికి ప్రతినిధులుగా గ్రహించమన్నాడు. సోమలత దొరకనప్పుడు పూతీకాన్ని గ్రహించే యజ్ఞసంప్రదాయం తెలిసిన వారికి ప్రతినిధి అన్న మాట బరువు తెలుస్తుంది. ప్రతినిధి ముఖ్యద్రవ్యం కాదు. అయినా కర్మ నెరవేరుతుంది. ఒక శ్రుతి భేదం గల స్వరాన్నే ప్రతినిధిగా అంగీకరించిన గ్రంథకర్త అంతకంటె చిన్న మిగులును చూచి తన వీణను త్యజించి ఉంటాడని అనుకోనవసరం లేదు. తరువాతి శతాబ్దిలో వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో రామామాత్యుని తీవ్రంగా ఖండించిన మాట నిజమే. ఆ ఖండనలను వేరుగా విచారించవలసి ఉన్నది. మెట్ల స్థానాల నుండి వచ్చే ఈ సమీకరణాలను అవి తొలగించవు.

నా పద్ధతి చెప్పలేనిదేమిటో కూడా వ్రాయడం న్యాయం. ఆ మిగులునంతటినీ పన్నెండు స్థానాలకు సమానంగా పంచితే, ప్రతి పంచమమూ సుమారు రెండు సెంట్లు తగ్గి, అన్ని మెట్లూ అన్ని తంత్రులపై కుదురుతాయి. శుద్ధసంవాదంతో పెట్టిన వీణ ఏది, అట్లా సర్దిన వీణ ఏది అన్నది గ్రంథంలోని స్థానాల పట్టిక ఒక్కటే తేల్చలేదు. దాన్ని తేల్చాలంటే మెట్లు నిలిపే వారి పని చూడాలి. మన వీణలలో మెట్లను మైనంలో కుదిర్చేవారు కొలబద్దతో కాక చెవితో, మీటుతూ జరుపుతూ నిలుపుతారు. జీడిమెట్లలో మా ఇంట ఒక పలకపై 81 సెంటీమీటర్ల తీగలు బిగించి నేను చూచిన దాంట్లోనూ ఇదే తేలింది. పారిశ్రామికవాడ యంత్రాల హోరు తగ్గిన తెల్లవారుజామున రెండు తీగలను కలిపి మీటితే, నాల్గవ ఆరవ మెట్ల నిషాదాలు కలవక శబ్దం అలలుగా లేచి పడటం స్పష్టంగా వినవచ్చింది. రెండు సెంట్లు తగ్గిన పంచమంలో ఆ అల ఎంతో నిదానం. తీగ మోత సన్నగిల్లేలోపు దాన్ని పట్టడం కష్టం. పైగా తీగను మెట్టుకు నొక్కినప్పుడు బిగువు పెరిగి స్వరం కొద్దిగా హెచ్చుతుంది. లావు తీగలో ఎక్కువ, సన్నతీగలో తక్కువ. కనుక కొలిచి పెట్టిన మెట్టు లెక్క చెప్పిన స్వరాన్ని సరిగ్గా పలకదు. నేను ఇచ్చిన సంఖ్యలు ఆదర్శస్థానాలు. ఏ వీణపైనా కొలిచి తెచ్చినవి కావు.

కాబట్టి సమీక్షకులకు నా మనవి ఇది. నా పద్ధతిని ఖండించదలిస్తే రెండు దారులు ఉన్నాయి. స్వరస్థానాల పట్టికలో నేను గ్రహించిన పాఠానికి భిన్నమైన పాఠం ఏ తాళపత్రప్రతిలోనైనా ఉన్నదని చూపాలి; లేదా ఒకే మెట్టు వేర్వేరు తంత్రులను వేర్వేరు పాళ్లలో హెచ్చించేట్లు మెట్లు వంకరగా అమర్చేవారని నిరూపించాలి. ఆ రెండింటిలో ఏది జరిగినా సమీకరణాలు మారుతాయి, సిద్ధాంతమూ మారుతుంది. అంతవరకు వ్యాసాన్ని ఉన్నదున్నట్లుగానే, ఈ లేఖతో కూడ, ప్రచురణకు పరిశీలించవలసినదిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
వ్యాసకర్త,
జీడిమెట్ల