"పేరడీ" అనే మాట చివర్లో పెడితే అకౌంట్ ఎందుకు పోతోంది?

ఎక్స్‌లో ఫ్యాన్ అకౌంట్ సస్పెండ్ అయిన ప్రతిసారీ "బయోలో ఫ్యాన్ పేజ్ అని రాశాం కదా బ్రో" అనే మాటే వినిపిస్తుంది. రాసే ఉంటారు, అబద్ధం కాదు. కానీ ఆ మాట ఉన్న చోటు తప్పు. నా ఉద్దేశంలో ఈ గొడవలో సగం పాలసీది కాదు, ఫోన్ స్క్రీన్ వెడల్పుది.

కొంచెం వెనక్కి వెళ్దాం. మస్క్ ట్విట్టర్‌ని కొన్న కొద్ది రోజులకే, 2022 నవంబర్‌లో, అమెరికన్ కమెడియన్ క్యాథీ గ్రిఫిన్ తన వెరిఫైడ్ అకౌంట్‌లో పేరూ ఫొటో మార్చేసి మస్క్‌లా ట్వీట్లు వేసింది. హ్యాండిల్ మాత్రం @kathygriffin గానే ఉంది. అయినా అకౌంట్ ఎగిరిపోయింది. పేరడీ అని స్పష్టంగా చెప్పకుండా ఇంకొకరిలా నటించే అకౌంట్లను పర్మనెంట్‌గా సస్పెండ్ చేస్తామని మస్క్ ప్రకటించింది కూడా అప్పుడే. "హ్యాండిల్ చూస్తే తెలుస్తుంది కదా" అని చాలామంది వాదించారు. నిజం చెప్పండి, స్క్రోల్ చేసేటప్పుడు మీరు హ్యాండిల్ చదువుతారా? ఫొటో, పేరు, టిక్ చూసి ముందుకెళ్లిపోతాం.

అదే వారంలో ఇంకో కథ జరిగింది. 8 డాలర్లు కడితే బ్లూ టిక్ ఇవ్వడం మొదలవగానే ఎవరో @EliLillyandCo అనే హ్యాండిల్ తీసుకుని, టిక్ కొనుక్కుని, ఇన్సులిన్ ఇకపై ఉచితం అని ట్వీట్ పెట్టారు. అసలు కంపెనీ హ్యాండిల్ @LillyPad. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఏది ఒరిజినల్‌లా ఉంది? ఎలై లిల్లీ కంపెనీ తన అకౌంట్‌లో క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అమెరికాలో ఇన్సులిన్ ధరల మీద వేసిన ఆ సెటైర్‌లో దమ్ముంది, కాదనను. కానీ షుగర్ ఉన్న మనిషి అది చూసి నిజమనుకుంటే? అక్కడ జోక్ అయిపోయింది.

ఆ దెబ్బతో బయోలో రాస్తే చాలదు, పేరులోనే ఉండాలి అన్నారు. జనం వెంటనే పేరు చివర్లో బ్రాకెట్ పెట్టి తగిలించారు. 2025 జనవరిలో ప్రొఫైల్ మీదా పోస్టుల మీదా కనిపించే ప్రత్యేక లేబుల్ వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అసలు మార్పు వచ్చింది: పేరడీ, కామెంటరీ, ఫ్యాన్ అకౌంట్లు ఆ మాటని పేరు మొదట్లోనే పెట్టాలి, అసలు మనిషి వాడుతున్న ప్రొఫైల్ ఫొటోనే వాడకూడదు.

మొదట్లోనే ఎందుకు? ఒక అకౌంట్ ఊహించుకుందాం. హీరో పేరు కార్తీక్, ఫ్యాన్స్ పెట్టిన పేరు ఇది:

```
Young Lion Karthik Official Trends (Fan Page)
```

మొత్తం 45 అక్షరాలు. పేరుకి లిమిట్ 50 కాబట్టి సేవ్ చేస్తే ఏ ఎర్రరూ రాదు. ఇప్పుడు ఇదే అకౌంట్ ఎవరి పోస్టుకో రిప్లై ఇచ్చింది. ఫోన్‌లో ఆ లైన్‌లో పేరు, టిక్, హ్యాండిల్, టైమ్ అన్నీ ఇరుక్కోవాలి. యాప్ పేరుని మధ్యలో కోసి మూడు చుక్కలు పెడుతుంది. ఎక్కడ కోస్తుందో మీ ఫోన్ వెడల్పు, ఫాంట్ సైజ్ బట్టి ఉంటుంది. 22 అక్షరాలే పట్టాయనుకోండి:

```
Young Lion Karthik Off…
```

మీరు నిజాయితీగా రాసిన "ఫ్యాన్ పేజ్" మాయం. మిగిలింది హీరో పేరు, "అఫీషియల్"లో మొదటి ముక్క, పక్కన టిక్. దీన్ని చూసి ఎవరైనా రిపోర్ట్ కొడితే తప్పు పట్టలేం. దీన్నే ఇలా మారిస్తే:

```
Fan | Karthik Trends
```

20 అక్షరాలు. ఎక్కడ కోసినా ముందు మాట బతుకుతుంది. "అఫీషియల్" అనే మాట ఫ్యాన్ అకౌంట్‌కి విషం, పేరులోనే కాదు, హ్యాండిల్‌లోనూ తీసేయండి. బయో మొదటి లైన్‌లో మళ్లీ చెప్పండి:

```
Fan account. Not affiliated with Karthik or his team.
```

కీలక పదం ఇంగ్లిష్‌లోనే ఉంచడం సేఫ్. రూల్స్‌లో ఉదాహరణగా ఇచ్చిన పదాలు `parody`, `fake`, `fan`, `commentary` లాంటివే. "అభిమాని" అని తెలుగులో రాయాలనిపిస్తే దాని తర్వాత రాసుకోండి. ఇక ఫొటో. హీరో తన అకౌంట్‌లో పెట్టిన డీపీనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం మనవాళ్లకి భక్తి, రివ్యూ చేసేవాడికి మాత్రం సాక్ష్యం. ఫ్యాన్ ఎడిట్ వాడండి, చిన్న గుండ్రటి సైజ్‌లో చూసినా ఒరిజినల్‌లా అనిపించకూడదు. ఇవన్నీ అయ్యాక సెటింగ్స్‌లో "యువర్ అకౌంట్", అందులో "అకౌంట్ ఇన్ఫర్మేషన్" లోపల ఈ లేబుల్ ఆప్షన్ ఆన్ చేయండి.

లేబుల్ ఉండగా పేరులో కూడా ఎందుకు అని అడగొచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది పోస్టు కాదు, క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్. లేబుల్ క్రాప్‌లో పోవచ్చు, ముందున్న పేరుని కోయడం కష్టం.

ఒక చిన్న హెచ్చరిక. ప్రీమియం తీసుకున్నవాళ్లు పేరో ఫొటోనో మారిస్తే మళ్లీ రివ్యూ అయ్యేదాకా టిక్ తాత్కాలికంగా పోతుంది. కంగారుపడి పాత పేరుకి తిప్పకండి. సినిమా రిలీజ్ రోజు కాకుండా ఖాళీ వారంలో మార్చుకుంటే సరి.

పేరడీ వాళ్ల బాధ మాత్రం వేరు, అది నాకు అర్థమవుతుంది. 2022లో సెటైర్ పత్రిక ది ఆనియన్ ఏకంగా అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్లి, పోలీసుల మీద పేరడీ ఫేస్‌బుక్ పేజ్ పెట్టి అరెస్టయిన ఒక వ్యక్తి తరఫున వాదన వినిపించింది. ముందే "ఇది జోక్" అని చెప్తే జోక్ చచ్చిపోతుంది అన్నది వాళ్ల పాయింట్. సొంత వెబ్‌సైట్‌లో, సొంత బ్యానర్ కింద రాసేవాళ్లకి అది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఫీడ్‌లో ఆ బ్యానర్ ఉండదు. ముఖ్యమంత్రి అసలు పోస్టు కింద మీ పేరడీ పోస్టు అదే సైజ్‌లో, అదే ఫాంట్‌లో వస్తుంది. ఈ సందర్భం లేకుండా చేసిందీ, డబ్బుకి టిక్ అమ్మి గందరగోళం పెంచిందీ ప్లాట్‌ఫామే. శిక్ష మాత్రం లేబుల్ మర్చిపోయిన డిగ్రీ కుర్రాడికి. ముందు పేరు మార్చుకోమని గడువిచ్చి, ఆ తర్వాత సస్పెండ్ చేయడం ఎందుకు కుదరదో నాకు అర్థం కాదు. పైగా సస్పెండ్ అయ్యాక ప్రొఫైల్ ఎడిట్ చేయలేం, అంటే తప్పు సరిదిద్దుకునే దారే మూసేసి "అప్పీల్ చేసుకో" అంటున్నారు.

అందుకే అప్పీల్ సరుకు ముందే సిద్ధంగా ఉండాలి. పేరు, బయో, డీపీ ఒకే ఫ్రేమ్‌లో కనిపించే ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ ప్రతి మార్పు తర్వాతా తీసిపెట్టుకోండి. సెటింగ్స్‌లో డేటా ఆర్కైవ్ డౌన్‌లోడ్ కూడా అప్పుడప్పుడూ కొట్టండి. అప్పీల్‌లో "మా హీరో దేవుడు" అని కాకుండా, ఇది ఫ్యాన్ అకౌంట్, పేరులో ఈ మాట ఇక్కడ ఉంది, బయోలో ఇలా ఉంది అని రెండు లైన్లు రాస్తే చాలు.

మన దగ్గర ఇంకో కోణం ఉంది. 2021 ఐటీ రూల్స్‌లో ఇంపర్సనేషన్ కంటెంట్ మీద ఆ వ్యక్తో, వాళ్ల తరఫున ఇంకొకరో ఫిర్యాదు చేస్తే మొదట 24 గంటల్లో చర్య తీసుకోవాలని పెట్టారు, 2026లో దాన్ని 2 గంటలకి తగ్గించారు. అంత తక్కువ టైమ్‌లో మీ పాత పోస్టులు చదివి మీ మనసు అర్థం చేసుకునేవాడు ఉండడు, పైపైన కనిపించిందే లెక్క. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి, చిరంజీవి హైదరాబాద్ సివిల్ కోర్టుకి వెళ్లి తమ పేరు, రూపం దుర్వినియోగం కాకుండా ఆర్డర్లు తెచ్చుకున్నారు కూడా. టీషర్టులు అమ్మడం, విరాళాలు అడగడం లాంటివి చేస్తే పేరు ముందు ఎంత పెద్ద "ఫ్యాన్" రాసినా కాపాడదు. ఇంకొకరిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది.

బ్లూస్కైలో కూడా పేరులో, బయోలో రెండు చోట్లా లేబుల్ ఉండాలి. యూట్యూబ్‌లో ఫ్యాన్ చానల్ అయితే చానల్ పేరులోనో హ్యాండిల్‌లోనో చెప్పాలి. ఇప్పుడే మీ అకౌంట్ నుంచి ఎవరికో ఒక రిప్లై ఇచ్చి, ఇంట్లో ఉన్న చిన్న స్క్రీన్ ఫోన్‌లో ఫాంట్ సైజ్ పెంచి ఆ రిప్లై చూడండి. మూడు చుక్కలకి ముందు ఏం మిగిలిందో అదే మీ అకౌంట్ పేరు.